పసుపుగానే ఉంటే?

మా రాజేశం సార్ మంచివాడు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ రోజు ఆయన మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

నారాయణగూడలో మా కాలేజీ, రెండో అంతస్తు, మెట్ల పక్కన ఇరుకు గది. ఆయన బాటనీ లెక్చరర్. నేను నవతను, ఆయన దగ్గర రీసెర్చ్ అసిస్టెంటును, పీహెచ్‌డీ కూడా ఆయన కిందే. ఇద్దరం జొన్న మొక్కల మీద పని చేసేవాళ్ళం. అది తొంభై ఆరో సంవత్సరం. ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు పుట్టుకొస్తున్న కాలం. మా ప్రిన్సిపాల్‌కి కూడా ఆ గాలి సోకింది. మా గదిలోకి రెండుసార్లు వచ్చి గోడలు కొలిపించాడు. "ఈసారి కూడ ఢిల్లీ వాళ్ళు పైసలియ్యకుంటె గది ఖాళీ చెయ్యాలె రాజేశం గారూ, నేనేం చెయ్యలేను" అని మొహం మీదే చెప్పి పోయాడు.

ఢిల్లీ వాళ్ళంటే మేం ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టుకునే సంస్థ. అంతకు ముందు ఏడాది మా ప్రతిపాదనను తిప్పి పంపారు. కారణం ఒక్క వాక్యం: ప్రాజెక్టు ఉద్దేశం స్పష్టంగా లేదు, ప్రయోజనం ఎవరికో తెలియడం లేదు. మార్చి పంపుకోవడానికి ఒక్కసారే అవకాశం. ఆ ఒక్కసారి కూడా వచ్చేసింది. మర్నాడు సాయంత్రంలోగా కవరు ఢిల్లీ చేరాలి. ఆ రోజు సాయంత్రం నారాయణగూడ కొరియర్ వాడు సంచి కట్టేలోగా మేం ఇచ్చెయ్యాలి. లోపలి పేజీలన్నీ ప్రింటయి, కుట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. మిగిలింది ముందు పేజీ, అంటే ప్రాజెక్టు సారాంశం. అది ఒక్క పేజీ దాటకూడదు. అక్కడే మా ప్రాణాలు ఆగి ఉన్నాయి.

మేం చేసే పని చెబితే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. జొన్న లేతగా ఉన్నప్పుడు, వానల్లేక వాడినప్పుడు, కోసిన మోళ్ళకు మళ్ళీ పిలకలు వేసినప్పుడు ఆకులో విషపు సరుకు ఎక్కువగా ఉంటుంది. పశువు నమిలితే అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. అప్పటిదాకా మేసిన పశువు చూస్తుండగానే పడిపోతుంది. దీన్ని పట్టుకునే కాగితం ఒకటి ఎప్పటినుంచో ఉంది. చిన్న సీసాలో ఆకు నలిపి వేసి, మందులో ముంచి ఆరబెట్టిన పసుపు కాగితం ముక్కను పైన వేలాడదీసి బిరడా పెడితే, విషం ఉన్నప్పుడు కాగితం ఎర్రబడుతుంది. ల్యాబుల్లో వాడే ఆ కాగితాన్ని పొలం గట్టు మీద రైతు చేతిలో పెట్టగలమా అన్నది మా ప్రయత్నం.

చూశారా, నాలుగు మాటల్లో అయిపోయింది. ఇప్పుడు మా సార్ రాసిన సారాంశం వినండి. ఇంగ్లీషులో రాశారు, నేను అర్థం చెబుతున్నాను. "సయనోజెనిక్ గ్లూకోసైడ్లు మొక్కల ద్వితీయ జీవక్రియలో ఏర్పడే పదార్థాలలో ఒక ముఖ్యమైన తరగతి." ఇలా మొదలై, వాటిని విడగొట్టే ఎంజైము మీదికి పోయి, ఆ ఎంజైమును శుద్ధి చేసి దాని గుణాలు తేల్చడం గురించి ఒక పేరా నిండా సాగి, పేజీ చివర, మడత పడే చోట, కాగితం పరీక్ష సంగతి వస్తుంది. పశువు అన్న మాట అసలు లేనే లేదు.

"సార్, జొన్న అన్న పేరే సగం పేజీ దాటినంక వచ్చింది" అన్నాను పొద్దున్నే.

"బేసిక్స్ చెప్పకుండ ఎట్ల అర్థమైతదమ్మా? ముందు పునాది ఉండాలె కద" అన్నారు, పాఠం చెప్పే గొంతుతో.

అదీ మా కాలేజీ వాళ్ళ జబ్బు. పాతికేళ్ళు పాఠాలు చెప్పీ చెప్పీ, ఏది రాసినా నిర్వచనంతో మొదలుపెట్టకపోతే పాపం తగులుతుందనుకుంటారు. క్లాసులో పిల్లలు గంట కొట్టేదాకా లేచి పోలేరు కాబట్టి చెల్లిపోయింది. ఢిల్లీ వాళ్ళకేం అవసరం? నేను ఆ మాటే అన్నాను, ఇంకా గట్టిగా. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన అట్లా ఊరుకుంటే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

చివరికి నేనే అన్నాను, కమలాకుమారి మేడమ్‌కు చూపిద్దామని. ఆమె మా కాలేజీలోనే ఎకనామిక్స్ చెబుతారు. రెండేళ్ళు ఇట్లాంటి ఢిల్లీ కమిటీలో కూర్చుని వచ్చారు. బాత్రూంలో జారి కాలికి కట్టు కట్టించుకుని అశోక్‌నగర్‌లో ఇంట్లో ఉన్నారు. సార్‌ను బయల్దేరదీసేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మేడమ్ మంచం మీద కాలు చాచుకుని కూర్చున్నారు. పేజీ తీసుకుని చదివారు. టీ వచ్చేలోపే పేజీని బోర్లా తిప్పి దిండు కింద పెట్టేశారు.

"ఇగ చెప్తున్న వినున్రి, నాకేం సమజైందో" అన్నారు. "మీరు జొన్నల నుంచి సైనైడ్ తీస్తున్నరు. దాన్ని శుద్ధి చేస్తున్నరు. ఎందుకో నాకు తెల్వలె. జర భయమైతున్నది."

సార్ మొహం పాలిపోయింది. "సైనైడ్ తీసుడేంది మేడమ్! శుద్ధి చేసేది ఎంజైముని!"

"నాకు చెప్తున్నరు, మంచిదే. కమిటీల మీరుంటరా చెప్పనీకె?" అని ఆమె దిండు సర్దుకున్నారు. "చూడున్రి రాజేశం గారూ. మీ మొత్తం ప్రతిపాదన చదివేది మీ సబ్జెక్టు వాళ్ళు ఇద్దరు ముగ్గురే. వాళ్ళు రాసిచ్చిన అభిప్రాయం, ఈ ఒక్క పేజీ, ఇవి రెండే మా ముందటికొస్తయి. నా పక్కకు ఒకాయన ఇంజినీరు, ఇటు పక్కన ఫిజిక్స్ ఆయన, ఎదురుంగ లెక్కలు చూసెటాయన. కట్టలు కట్టలు కాయితాలు. చాయ్ పోస్తుంటె చదువుతం. మొదటి రెండు లైన్లల్ల మీరు ఏం చేస్తరు, ఎవరికి పనికొస్తదని దొరకకుంటె, చెయ్యి ఇంకో కాయితం మీదికి పోతది. మేమేం చెడ్డోళ్ళం కాదు. మాకు తెల్వదు, అంతే."

"సైన్సును కూరగాయల లెక్క అరిచి అమ్మాల్నా మేడమ్?"

"అరవకున్రి. చెప్పున్రి. అర్థమయ్యేటట్టు చెప్తె విలువేం తగ్గదు. ఏం చేస్తరో, ఎవరికి ఏం మిగుల్తదో ముందు పెట్టున్రి. ఎందుకు, ఎట్ల అనేది తర్వాత. గ్లూకోసైడో ఏందో, దాని పేరు లోపలి పేజీలల్ల ఉంటది కద, ఎటూ పోదు."

నేను అక్కడే, ఆమె మంచం కోడు పక్కన చాప మీద కూర్చుని రాశాను. 'లేత జొన్న, ఎండకు వాడిన జొన్న మేసి పశువులు చనిపోతున్నాయి. పశువులను చేలోకి తోలే ముందే ఆ మేత సురక్షితమా కాదా అని రైతు తానే తెలుసుకునే కాగితం పరీక్షను ఈ ప్రాజెక్టు సిద్ధం చేస్తుంది.' మేడమ్ చదివి "ఇగో, ఇప్పుడు చదవబుద్ధయితున్నది" అన్నారు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. కిందికి చూసి, "ఈ ఎంజైము పేరా మాత్రం ఏంది ఇంత పొడుగున్నది? తియ్యున్రి" అన్నారు.

"అది ఉండాలె" అన్నారు సార్.

"ఎందుకు?"

"ఉండాలె మేడమ్."

అంతే. మనిషి కదల్లేదు. మొదటి పేరా నాకు వదిలేశారు, గ్లూకోసైడ్లు పోయినా నోరెత్తలేదు, ఆ రెండో పేరా మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు. అర్థం లేని మొండితనం అనుకున్నాను. నెత్తి కొట్టుకుంటూ బయటపడ్డాను.

మేడమ్ గుమ్మం దాకా గొంతు పెంచి ఒక మాట చెప్పారు. "నాకిప్పుడు మీ సంగతి తెలిసిపోయింది, నేనింక పనికిరాను. కొత్త మనిషికి చూపియ్యున్రి. లైబ్రరీల గ్రూప్స్‌కు చదివే పిల్లలుంటరు, రోజూ ఇదే పని వాళ్ళకు. చదివినంక కాయితం గుంజుకోని, ఏం అర్థమైందని అడుగున్రి. వాళ్ళు తప్పు చెప్తె వాళ్ళ తప్పు కాదు, మీ కాయితం తప్పు."

చిక్కడపల్లిలో రమాకాంత్ డీటీపీ సెంటర్‌లో మా ఫైలంతా ఉంది. కొత్త పేజీ టైపు చేయించి ప్రింటు తీసుకున్నాం. ఎంజైము పేరా కోసం అక్షరాలు చిన్నవి చేయించారు సార్. పేజీ చీమలు పాకినట్టుంది. "ఎట్లుంది రమాకాంతన్నా, అర్థమైతున్నదా?" అని అడిగితే, "నేను టైపు చేస్త గని చదవనక్కా. చదివితే ఈ ధంధా నడవది" అన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో అడిగితే చేతులు తిప్పాడు.

కరెంటు కోసం కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పేజీ పట్టుకుని సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచాం. మెట్ల మీద ఇంద్రసేన కనిపించాడు. మూడేళ్ళ కింద మా కాలేజీలోనే హిస్టరీ డిగ్రీ చేశాడు, ఇప్పుడు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. దేవరకొండ దగ్గర ఊరు. మా గది సంగతి గానీ, జొన్నల మీద మేం చేసే పని సంగతి గానీ అతనికేం తెలియదు. ఇంతకంటే కొత్త మనిషి ఎక్కడ దొరుకుతాడు?

"ఇంద్రసేనా, జర ఇది చదువు. పరీక్షల ప్రిసీ రాసేటోని లెక్క, సారం పట్టుకోని చదువు" అన్నాను.

చదివాడు. పేజీ లాక్కున్నాను. మేడమ్ చెప్పినట్టే అడిగాను.

"మస్తుగున్నదక్కా" అన్నాడు ఉత్సాహంగా. "జొన్న పిలకలు మేస్తె పసులు సచ్చిపోతయి, మా ఊర్ల కూడ అయింది. మీరు ఒక కాయితం ఇస్తరు. ఎర్రగైతే పసుల తోలొద్దు. పసుపుగనె ఉంటె తోలాలె. అంతే కద? నడిమిట్ల ఎంజైమని ఏందో ఉంది, అది నేను ఇడిసిపెట్టిన. సార్, నాకు రెండు కాయితాలియ్యున్రి. ఆదివారం ఊరికి పోతున్న, మా నాయినకిస్త."

నాకు గాల్లో తేలినట్టయింది. అర్థమైంది! ఒక్క చదువులో అర్థమైంది! గది నిలబడినట్టే అనుకుని సార్ వైపు తిరిగాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పసుపుగ ఉంటె తోలుతవా?" అన్నారు.

"మీరే రాసిన్రు కద సార్. సురక్షితమా కాదా తెలుస్తదని."

సార్ నా చేతిలోంచి పేజీ తీసుకున్నారు. మధ్యకు చింపారు. మళ్ళీ చింపారు. ముక్కలు జేబులో పెట్టుకున్నారు.

నాకు పిచ్చెక్కింది. "ఏం చేస్తున్నరు సార్! కరెంటు లేదక్కడ! కొరియరోడు పోతడు! సంవత్సరంల మొదటిసారి ఒక మనిషికి అర్థమైంది, దాన్ని చింపుతరా?" లైబ్రరీ లోపలికి వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. సిగ్గు ఎప్పుడో పోయింది.

"తప్పు అర్థమైందమ్మా."

"ఒక్క మాట సార్! సురక్షితం అన్న ఒక్క మాట! అందరు రాస్తరు గట్లనె! ఢిల్లీ వాళ్ళొచ్చి చూస్తరా? ఒక్క మాట కోసం గది పోగొట్టుకుంటరా?"

"ఒక్క మాటకే ఎవరి బర్రెనో పోతది." ఆయన నా వైపు తిరిగారు. "నువ్వే చేసినవు కద, చలికాలం పొద్దుగాల్ల. వాడిన ఆకు పెట్టినవు. కాయితం పసుపుగనె ఉన్నది. అదే ఆకును ల్యాబ్‌ల కొలిస్తె ఎంత విషం తేలింది? యాదిమరిచినవా?"

మరిచిపోలేదు. ఆ రోజు ఆకులో విషం దండిగా ఉంది. చలికి, వాడిపోవడానికి ఆకులోని ఎంజైము మందగించి, విషం ఆలస్యంగా బయటికొచ్చింది. కాగితం ఎంతోసేపు పసుపుగానే ఉండి, మేం ఆశ వదులుకున్నాక ఎర్రబడింది. రైతు అంతసేపు గట్టు మీద కూర్చుంటాడా? చల్లగా పశువులను తోలేస్తాడు. నాకు తెలుసు. తెలిసీ రాశాను. గది పోతుందన్న భయం అంతగా పట్టుకుంది నన్ను. మెట్ల మీద కూలబడి ఏడ్చేశాను. ఏడుపు కూడా కోపంగానే వచ్చింది.

ఇంద్రసేన పాపం బిత్తరపోయి నిలబడ్డాడు. మెల్లగా అడిగాడు. "మరి పసుపుగనె ఉంటె ఏం చెయ్యాలె సార్?"

"తెల్వదు" అన్నారు సార్. "ఎర్రగైతే విషమని అందరికి తెల్సు. పసుపుగ ఉంటె ఎంతవరకు నమ్మొచ్చో ఎవ్వరికి తెల్వదు. ఏ ఆకుకు, ఎంతసేపు, ఎంత ఎండల. అది తెల్సుకోనీకే కద నేను పైసలడుగుతున్న."

ఏడుపు ఆగిపోయింది నాకు. తలెత్తి ఆయన్ని చూశాను.

"సార్, ఏమన్నరు?"

"ఏమన్న?"

"ఈ మాట ఎందుకు రాయలే సార్? ఏడాది సంది ఈ మాట ఎక్కడ దాచిపెట్టుకున్నరు?"

"లోపల ఉన్నది కద. మూడో లక్ష్యం. కాయితం ఫలితాన్ని ల్యాబ్ కొలతతోటి పోల్చుడు." అమాయకంగా అన్నారు. "తెల్వదని మొదటి లైన్ల ఎట్ల రాస్తమమ్మా? మనకు ఏం తెల్సో చెప్పుకోవాలె కద ముందు."

నా నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తెలియని చోటే పరిశోధన అయితే, ఆ తెలియనిదాన్ని చెప్పుకోవడానికే నామోషీ మా వాళ్ళకు! నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను, తెలియనిదాన్ని తెలిసినట్టే రాసి పారేశాను. ఇంద్రసేన నోట్సులోంచి ఒక కాగితం చింపించుకుని మోకాలి మీద పెట్టుకుని రాశాను.

'లేత జొన్న, ఎండకు వాడిన జొన్న మేసిన పశువులు విషం ఎక్కి చనిపోతున్నాయి. ఆకులో విషం ఉంటే ఎర్రబడే చౌకైన కాగితం ఉంది. అది పసుపుగానే ఉండిపోతే ఆ మేతను ఎంతవరకు నమ్మొచ్చో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఈ ప్రాజెక్టు దాన్ని రైతుల పొలాల్లోనే తేలుస్తుంది. పని పూర్తయ్యేసరికి, ఎప్పుడు ఎంతసేపు పరీక్షించాలో, ఏ పరిస్థితిలో కాగితాన్ని నమ్మకూడదో రైతుకు చెప్పే సూచనలు తయారవుతాయి.'

సార్ రెండుసార్లు చదివారు. ఒక్క మాట కూడా దిద్దలేదు. "ఇది అబద్ధం కాదు" అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు.

దీని కింద పని ఎట్లా చేస్తామో, ఏయే ఊళ్ళలో చేస్తామో రాయాలి. చోటు లెక్కేసుకుంటే చాలడం లేదు. అక్షరాలు మళ్ళీ చిన్నవి చేస్తే ఆ చాయ్ తాగే ఇంజినీరు చదవడు. మిగిలింది ఒకటే దారి.

"ఎంజైము పేరా తియ్యాలె సార్."

"అది ఉండనీ."

"ఎందుకు సార్? మేడమ్‌కు అర్థం కాలే, ఇంద్రసేన ఇడిసిపెట్టిండు. ఎవరి కోసం ఉండాలె?"

ఆయన రోడ్డు మీద పోయే బస్సుల వైపు తిరిగారు.

"నీ కోసమమ్మా" అన్నారు. "అది నీ థీసిస్ కద. పైన పెద్దగ ఉంటేనే, ప్రాజెక్టుకు అదే ముఖ్యమని, దానికి పైసలిస్తరు. కింద ఏదో మూలకు పెడితె ఇదెందుకని అడుగుతరు. కొట్టేస్తరు. రెండేండ్ల నీ పని పోతది."

నేను పొద్దున్నుంచీ అన్న మాటలన్నీ ఒక్కటొక్కటిగా నా మొహాన పడ్డాయి. మొండి అన్నాను, పాఠాల జబ్బు అన్నాను. ఆయన ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ఎంజైమును శుద్ధి చేసే పని నేను పట్టుకుని రెండేళ్ళు. అర్ధరాత్రి కలలో కూడా ఆ సీసాలే. పేరు పక్కన డాక్టర్ అని రాసుకుని చూసుకున్న కాగితాలు ఇంట్లో ఎన్నో. కానీ పసుపు కాగితాన్ని ఎంత నమ్మొచ్చో తేల్చడానికి ఎంజైమును శుద్ధి చెయ్యనక్కర్లేదు. కాగితాన్నీ ల్యాబ్ కొలతనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆ సంగతి సార్‌కు తెలుసు. నాకూ తెలుసు.

"గది లేకుంటె థీసిస్ ఎక్కడ చేస్త సార్?" అన్నాను. పేరా కొట్టేశాను. లోపలి పేజీల్లో ఆ లక్ష్యం అట్లాగే ఉంది కాబట్టి సారాంశంలో అసలు లేకుండా చేస్తే దాచినట్టవుతుంది. అందుకని చివర ఒక చిన్న వాక్యం పెట్టాను: 'ఆకులోని ఎంజైమును కూడా అధ్యయనం చేస్తాం.' నా రెండేళ్ళూ ఆ వాక్యంలో సర్దుకున్నాయి.

డీటీపీ సెంటర్‌కు పరుగెత్తాం. కరెంటు రాలేదు. రమాకాంత్ బయట మెట్టు మీద పేపరు విసురుకుంటూ కూర్చున్నాడు. సందు మూల రూపాయి డబ్బా ఫోన్ నుంచి కమలాకుమారి మేడమ్‌కు చేశాను. కొత్త మనిషి కాకపోయినా ఫరవాలేదు, ఈసారి కళ్ళతో కాకుండా చెవితో విననీ అనుకుని చదివాను. రెండోసారి చదవనివ్వలేదు ఆమె.

"ఆగు, నేను చెప్త. ఎర్రగైతే తెల్సు, పసుపుగుంటె తెల్వదు. ఆ తెల్వనిది తెల్సుకుంటరు. అయినంక రైతుకు ఎట్ల వాడాల్నో చెప్తరు. అంతే కద?"

"అంతే మేడమ్."

"నేనైతే ఇస్త పైసలు. అవునుగని, ఆఖర్న ఎంజైమన్నవు, అదేంది? అది లేకున్న ఈ పని అయితదా?"

రిసీవర్ చెవికి ఆనించుకుని అట్లాగే నిలబడ్డాను. వెనక సార్ ఉన్నారు. ఆయనకు ఆమె మాట వినబడదు, నా మాటే వినబడుతుంది.

"అయితది మేడమ్" అన్నాను.

కరెంటు వచ్చింది. రమాకాంత్, ఎందుకో తెలియదు, ఈసారి మాత్రం చదువుకుంటూ టైపు కొట్టాడు. "అంటె పసుపుగున్న నమ్మొద్దా అక్కా?" అని అడిగాడు తెర మీంచి కళ్ళు తీయకుండా. సార్ మొదటిసారి నవ్వారు ఆ రోజు. ప్రింటు వేడి ఆరకముందే కుట్టించుకుని ఆటో పట్టాం. కొరియర్ వాడు సంచి మూతి కడుతున్నాడు. మళ్ళీ విప్పమంటే గులిగాడు. నేను చూసిన చూపుకు విప్పాడు.

తరువాత నెలలు ఎట్లా గడిచాయో అడగొద్దు. ప్రిన్సిపాల్ మా గది తలుపు మీద సుద్దతో ఏదో నంబరు కూడా వేయించాడు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఢిల్లీ నుంచి కవరు వచ్చింది. సార్ చదువుకున్నారు. చదివి నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డారు. ఆ నిలబడడం చూసి అంతా అయిపోయిందనుకున్నాను.

తీసి చదివాను. ప్రాజెక్టు మంజూరైంది. ఉద్దేశం స్పష్టంగా, రైతుకు ప్రయోజనం నేరుగా ఉందని రాశారు. దాని కింద ఇంకో వాక్యం: చెప్పిన ఉద్దేశానికి ఎంజైము శుద్ధి అవసరం కనబడడం లేదు, ఆ లక్ష్యాన్ని, దాని ఖర్చును తొలగించడమైనది.

వాళ్ళకు బాగా అర్థమైంది. అంతగా అర్థమయ్యేటట్టు రాసింది నేనే.

"వాళ్ళకు రాస్తనమ్మా, అడుగుత" అన్నారు సార్, కిటికీ వైపు నుంచి తిరక్కుండా.

"ఏమని అడుగుతరు సార్? వాళ్ళు చెప్పింది తప్పా?"

నేను లేచి ఫ్రిజ్ తలుపు తీశాను. పై అర నిండా నా ఎంజైము సీసాలు, నా చేతిరాతతో చీటీలు. ఇంద్రసేన వాళ్ళ ఊరి నుంచి జొన్న ఆకులు ఆదివారానికి వస్తాయి, వాటిని చల్లగా ఉంచాలి. సీసాలు ఒక్కొక్కటీ తీసి సింకులో పెడుతుంటే కళ్ళు కనబడలేదు నాకు. సార్ వచ్చి పక్కన నిలబడి, తనూ ఒక్కొక్కటీ అందివ్వడం మొదలుపెట్టారు. అర ఖాళీ అయింది. తడిబట్టతో తుడిచాను.